పట్టా వెనుక ఆ ఒక్క నంబరు కూడా ముద్రించండి

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) అధ్యక్షులకు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్లకు, ఉన్నత విద్యా మండళ్లకు, ప్రైవేటు సంస్థల నియామక అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు నమస్కారం.

గుంటూరు జిల్లాలోని ఒక దూరవిద్య స్టడీ సెంటర్‌లో ఆదివారాలు బీకాం విద్యార్థులకు అకౌంటెన్సీ చెప్పే కౌన్సెలర్‌ని నేను. నా ముందు కూర్చునేవారిలో ఇంటర్ కొత్తగా పూర్తిచేసిన పిల్లలు తక్కువ. మిల్లు గుమాస్తాలు, ఆసుపత్రి రిసెప్షన్‌లో పనిచేసేవారు, ఔట్‌సోర్సింగ్ కంప్యూటర్ ఆపరేటర్లు, కానిస్టేబుళ్లు, పెళ్లితో చదువు ఆగిపోయిన గృహిణులు ఎక్కువ. సర్టిఫికెట్ల పరిశీలనలో వీరికి ఎదురవుతున్న ఇబ్బందుల మీద నిరుడు మేం కొందరం సంతకాలు చేసి సంబంధిత కార్యాలయానికి వినతిపత్రం పంపాం. చాలా నెలల తర్వాత ఒక్క వాక్యం జవాబుగా వచ్చింది: వివరాలకు వెబ్‌సైటు చూడగలరు. దూరవిద్య కోర్సులకు పాత సంవత్సరాల్లో ఇచ్చిన అనుమతుల వివరాలు పేరు కొట్టి వెతికేలా ఆ వెబ్‌సైటులో ఒకచోట లేవన్నదే మా వినతిపత్రంలోని మొదటి అంశం. అందుకే ఈ లేఖ అందరి ముందూ పెడుతున్నాను.

దూరవిద్య మీద జాలి చూపమని నేను అడగడం లేదు. నిబంధనలు ఇప్పటికే ఇచ్చిన హక్కును కాగితాల మీద నిరూపించే భారం ఎవరు మోయాలన్నదే నా ప్రశ్న. ఇప్పుడు ఆ భారమంతా విద్యార్థి మోస్తున్నాడు. దాని ఫలితాలు, పట్టా వెనుక కోర్సు అనుమతి లేఖ నంబరు ముద్రిస్తే ఆ భారం ఎలా తగ్గుతుందో కింద రాస్తున్నాను.

1. గుర్తింపు విశ్వవిద్యాలయానికి కాదు, ఆ ఏటి ప్రవేశాలకు

ఫలానా విశ్వవిద్యాలయానికి గుర్తింపు ఉందా లేదా అని మా దగ్గరికి వచ్చేవారు అడుగుతారు. ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన హైదరాబాద్‌లోనే మొదలైంది. ఇప్పుడది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. దూరవిద్య కోర్సుల అనుమతులను చాలాకాలం ఇగ్నో కింద ఉన్న దూరవిద్యా మండలి చూసింది. 2013లో ఆ మండలిని రద్దు చేసి బాధ్యతను యూజీసీకి అప్పగించారు. 2017లో దూరవిద్యకు, 2018లో ఆన్‌లైన్ కోర్సులకు విడివిడిగా నిబంధనలు వచ్చాయి. 2020 సెప్టెంబరులో రెండింటికీ కలిపి ఒకే నిబంధనావళి వచ్చింది.

ఇన్ని మార్పుల మధ్య గుర్తుంచుకోవలసింది ఒకటి ఉంది. అనుమతి సాధారణంగా ఫలానా విశ్వవిద్యాలయం, ఫలానా కోర్సు, ఫలానా పద్ధతి, ఫలానా విద్యా సంవత్సరం అని నాలుగూ కలిపి ఇస్తారు. నాలుగింటిలో ఏ ఒక్కటి తప్పినా పట్టా చిక్కులో పడుతుంది. పైగా చూడవలసింది ఉత్తీర్ణత సాధించిన సంవత్సరం కాదు, చేరిన సంవత్సరం. ఈ తేడా అభ్యర్థులకే కాదు, పరిశీలించే బల్ల అవతల కూర్చున్నవారిలోనూ చాలామందికి తెలియదు.

కర్ణాటక రాష్ట్ర సార్వత్రిక విశ్వవిద్యాలయం సంగతి అందరికీ తెలిసిందే. 2012-13 తర్వాత దాని కోర్సులకు గుర్తింపు లేదని యూజీసీ 2015 జూన్‌లో బహిరంగ ప్రకటన ఇచ్చింది. 2018-19 నుంచి మళ్లీ గుర్తింపు వచ్చింది. ఆ ప్రకటన వెలువడేనాటికి 2013లో చేరినవారు రెండేళ్ల ఫీజు కట్టేశారు, రెండేళ్ల పరీక్షలూ రాసేశారు. విశ్వవిద్యాలయం అదే, ముద్ర అదే. 2012లో చేరిన అన్నకు లేని చిక్కు 2014లో చేరిన తమ్ముడికి వచ్చింది.

దీనికి తోడు భూభాగం నిబంధన ఒకటుంది. ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయం దూరవిద్య కోసం తన రాష్ట్రం దాటి స్టడీ సెంటరు పెట్టకూడదు, ఫ్రాంచైజీ ఇవ్వకూడదు. ఆన్‌లైన్ కోర్సుకు ఆ హద్దు లేదు. కాబట్టి పొరుగు రాష్ట్ర విశ్వవిద్యాలయం మన ఊరి సెంటరు ద్వారా ఇచ్చిన దూరవిద్య డిగ్రీ చెల్లకపోవచ్చు, అదే విశ్వవిద్యాలయం అనుమతితో నడిపే ఆన్‌లైన్ డిగ్రీ చెల్లవచ్చు. ఈ తేడా తెలియాలంటే నిబంధనావళి చదివి ఉండాలి. పగలంతా పత్తి బేళ్ల లెక్కలు రాసే మనిషి అది చదివి ఉంటాడని ఎవరైనా ఎలా అనుకుంటారు?

2. ఇద్దరి సంగతి

మొదటివాడు ఒక స్పిన్నింగ్ మిల్లులో స్టోర్స్ గుమాస్తా. 2014లో ఊళ్లోని ఒక సెంటరు ద్వారా పొరుగు రాష్ట్రపు విశ్వవిద్యాలయంలో బీకాం చేరాడు. చేరేముందు గుర్తింపు గురించి అడిగాడు. సెంటరు వాళ్లు ఒక జిరాక్స్ కాగితం చూపించారు. అది నిజమైన అనుమతి లేఖే. కాకపోతే అది 2011-12 సంవత్సరానికి ఇచ్చింది. కాగితం మీద ప్రభుత్వ చిహ్నం, సంతకం, విశ్వవిద్యాలయం పేరు ఉన్నాయి. ఏ సంవత్సరానికి ఇచ్చారన్నది మధ్యలో ఒక పంక్తిలో ఉంది. మూడేళ్లు చదివి 2017లో రెండో శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యాడు. ఆ పట్టా చూసి మిల్లు యజమాని జీతం కొంచెం పెంచాడు కూడా. ఆరేళ్ల తర్వాత ఒక ప్రభుత్వ ఉద్యోగానికి రాతపరీక్ష నెగ్గి, సర్టిఫికెట్ల పరిశీలనకు వెళ్లినప్పుడు 2014-15కు అనుమతి లేఖ ఏదని అడిగారు. లేదు. సెంటరు మూతపడి చాలాకాలమైంది. విశ్వవిద్యాలయానికి రాస్తే, తమ రాష్ట్రం వెలుపలి సెంటర్లతో తమకు సంబంధం లేదన్నారు. అతని పేరు జాబితా నుంచి తొలగించారు. మళ్లీ డిగ్రీ చేయాలంటే మొదటి సంవత్సరం నుంచే మొదలుపెట్టాలి. చెల్లని కోర్సులో వచ్చిన క్రెడిట్లను ఏ విశ్వవిద్యాలయమూ కలుపుకోదు. మళ్లీ మూడేళ్లు చదివేలోగా చాలా ఉద్యోగాలకు వయోపరిమితి దాటిపోతుంది.

రెండో ఆవిడ సంగతి ఇంకా విచిత్రం. 2015లో మన రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయంలోనే, మన రాష్ట్రంలోని సెంటరులోనే, అనుమతి ఉన్న కోర్సులోనే చేరారు. ఎక్కడా వంక లేదు. పరిశీలన రోజున దూరవిద్యా మండలి గుర్తింపు పత్రం తెమ్మన్నారు. ఆ మండలి 2013లోనే రద్దయింది. 2015లో చేరినవారికి అది పత్రం ఇచ్చే వీలే లేదు. ఆమె ఆ మాటే చెప్పారు. తమ దగ్గరున్న తనిఖీ పట్టికలో అలాగే ఉందని జవాబొచ్చింది. విశ్వవిద్యాలయం నుంచి లేఖ, యూజీసీ ప్రకటనల ప్రతులు, ఒక గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ అన్నీ సమకూర్చుకుని, సెలవులు పెట్టి, ఛార్జీలు పెట్టుకుని తిరిగాక ఉద్యోగం దక్కింది. అప్పటికి ఆమె బ్యాచ్ వారు శిక్షణలో చేరిపోయారు, సీనియారిటీలో ఆమె అందరి కిందకీ వెళ్లారు.

ఒకరికి చెల్లని పట్టా అంటగట్టారు, ఒకరి చెల్లే పట్టాను అనుమానించారు. రెండింటికీ మూలం ఒకటే. ఏ సంవత్సరంలో ఏ కోర్సుకు అనుమతి ఉందో చెప్పే ఖాయమైన రికార్డు, అభ్యర్థికీ అధికారికీ ఒకే విధంగా కనిపించేది, లేకపోవడం.

3. రుజువు చేసే బాధ్యత

మన నియామక ప్రకటనల్లో ఏళ్ల తరబడి ఒక వాక్యం కనిపిస్తూ వచ్చింది. దూరవిద్య డిగ్రీలకు దూరవిద్యా మండలి గుర్తింపు ఉండాలనీ, సందేహం వస్తే రుజువు చేసే బాధ్యత అభ్యర్థిదేననీ దాని సారాంశం. మండలి పోయినా ఆ మాట ఒక ప్రకటన నుంచి మరో ప్రకటనకు నకలవుతూనే వచ్చింది.

అనుమతి ఇచ్చింది ప్రభుత్వ సంస్థ. తీసుకుంది విశ్వవిద్యాలయం. ఆ ఉత్తర ప్రత్యుత్తరాలు వారిద్దరి మధ్యవి. వాటి నకలు విద్యార్థి దగ్గర ఎందుకుంటుంది? విత్తనాల కొట్టు లైసెన్సు ఏనాడు ముగిసిందో, మొలక రాని చేను ముందు నిలబడి రైతే నిరూపించాలన్నట్టుంది ఈ పద్ధతి.

ఇంజనీరింగ్ దూరవిద్య కేసులో సుప్రీంకోర్టు 2017 నవంబరు 3న ఇచ్చిన తీర్పు ఇక్కడ గుర్తుచేయాలి. కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు అనుమతి లేకుండా దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగ్ పట్టాల కేసది. 2001 నుంచి 2005 వరకు చేరినవారి పట్టాలను నిలిపివేసి, సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ పెట్టే పరీక్ష నెగ్గితే నిలబెట్టుకోవచ్చన్నారు. ఆ తర్వాత చేరినవారి పట్టాలను రద్దు చేశారు. అయితే వారి దగ్గర వసూలు చేసిన ఫీజులు తిరిగి ఇవ్వాలని ఆ విశ్వవిద్యాలయాలను ఆదేశించారు. తప్పు చేసిన సంస్థ డబ్బు రూపంలోనైనా మూల్యం చెల్లించాలన్న సూత్రం ఆ తీర్పులో ఉంది. స్టోర్స్ గుమాస్తా లాంటివారి విషయంలో ఆ సూత్రాన్ని ఎవరూ తలచుకోవడం లేదు.

4. ప్రైవేటు సంస్థలు అడిగే ‘రెగ్యులర్ మాత్రమే’

యూజీసీ 2022 సెప్టెంబరులో మరోసారి స్పష్టం చేసింది. గుర్తింపు ఉన్న సంస్థలు దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో ఇచ్చే డిగ్రీ, పీజీ పట్టాలు కళాశాలకు వెళ్లి చదివిన పట్టాలతో సమానం. 2020 నిబంధనావళిలోని 22వ నిబంధన దీనికి ఆధారం. అయితే ఒక ప్రైవేటు కంపెనీ తన ప్రకటనలో ‘రెగ్యులర్ డిగ్రీ మాత్రమే’ అని రాసుకుంటే యూజీసీ మాటకు దాన్ని ఆపే శక్తి లేదు. ఈ నిజం మా విద్యార్థులకు ముందే చెబుతాను, ఎందుకంటే ‘వంద శాతం చెల్లుబాటు’ అని ఫోన్లు చేసే ఏజెంట్లు చెప్పరు.

కంపెనీల అనుమానానికి కారణాలు లేకపోలేదు. అసైన్‌మెంట్లు జిరాక్స్ షాపులో కట్టలుగా అమ్ముడుపోవడం నేను కళ్లారా చూశాను. ఒకే చేతిరాత నలుగురి పేర్లతో వచ్చినా మార్కులు పడ్డాయి. పరీక్షలో నిఘా సరిగా లేని సెంటర్లున్నాయి. ఈ నిందలో మా కౌన్సెలర్లకూ వాటా ఉంది. కానీ ఆ అనుమానానికి మందు పద్ధతి పేరు చూసి తలుపు మూయడం కాదు. అదే కంపెనీ తన దగ్గర అయిదేళ్లుగా జీఎస్టీ రిటర్నులు వేస్తున్న మనిషిని, దూరవిద్యలో బీకాం చదివాడని అకౌంట్స్ ఆఫీసరు పోస్టుకు దరఖాస్తు కూడా పెట్టనివ్వదు. ఇంకెక్కడో రెగ్యులర్‌గా చదివి, బ్యాంకు ఖాతాను పుస్తకాలతో సరిచూడటం రాని కుర్రాణ్ని తీసుకుంటుంది. ఒక గంట పరీక్ష పెట్టి, ముప్పై ఎంట్రీలు ఇచ్చి ట్రయల్ బ్యాలెన్స్ వేయమంటే ఎవరికి వచ్చో ఎవరికి రాదో తేలిపోదా?

ల్యాబు, ఆసుపత్రి, వర్క్‌షాపు అవసరమైన చదువుల మాట వేరు. ఇంజనీరింగ్, వైద్యం, నర్సింగ్, ఫార్మసీ, న్యాయశాస్త్రం వంటివి ఈ పద్ధతుల్లో ఇవ్వకూడదన్న నిషేధం సరైనదే. 2025 జులై-ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీ, మైక్రోబయాలజీ, పోషకాహార శాస్త్రం లాంటివాటినీ ఆపారు. సైకాలజీ ఎమ్మే మీద మా ఊళ్లో చాలామంది ఆశలు పెట్టుకున్నారు. నిషేధం మంచిదో కాదో ఇక్కడ వాదించను. ఒక్క మాట మాత్రం అంటాను: ఇలాంటి నిర్ణయం తెలుగు పత్రికల్లో ప్రవేశాలకు ముందు ప్రకటనగా వస్తే ఎవరూ నష్టపోరు.

5. ఉద్యోగం చేస్తూ చదవడానికి గంటలెన్ని?

‘రోజుకు గంట చాలు’ అంటారు ఏజెంట్లు. లెక్క చూద్దాం. దూరవిద్యలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. మూడేళ్ల బీఏ 132 క్రెడిట్లు అనుకుందాం, అంటే 3,960 గంటలు. మూడేళ్లలో, అంటే 156 వారాల్లో పూర్తిచేయాలంటే వారానికి 25 గంటలకు పైగా కావాలి. వారానికి ఆరు రోజులు, రోజుకు పది గంటలు పనిచేసే మనిషికి అది కుదరదు. అదే డిగ్రీకి గరిష్ఠంగా ఆరేళ్లు ఇస్తారు. ఆరేళ్లకు పరిస్తే వారానికి 13 గంటల లోపు పడుతుంది. ఆదివారం అయిదు గంటలు, మిగతా రోజుల్లో గంటా ఇరవై నిమిషాల చొప్పున. ఇది అలవి అయ్యే పని. కాబట్టి ఉద్యోగస్తుడు కోర్సు ఎంచుకునేటప్పుడు ఫీజు కంటే ముందు చూడవలసింది గరిష్ఠ కాలపరిమితి. ఆ అంకె ప్రకటనల్లో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది, లేదా ఉండనే ఉండదు.

ఆ తర్వాతి కష్టం పరీక్షలు. చివరి పరీక్షలకే మార్కుల్లో ఎక్కువ భాగం. టైంటేబుల్ రెండు వారాల ముందు వస్తుంది, పరీక్షలు పనిదినాల్లో ఉంటాయి. రోజుకు ఆరు వందలు సంపాదించే మనిషి ఆరు పేపర్లు రాస్తే 3,600 రూపాయలు పోతాయి. మా వాళ్లలో చాలామంది రెండో సంవత్సరంలో చదువు మానేసేది పాఠం అర్థం కాక కాదు, సెలవు దొరకక.

ఇక మా విన్నపాలు. వీటిలో దేనికీ కొత్త చట్టం అక్కరలేదు.

మొదటిది యూజీసీకి. పట్టా వెనుక చదివిన పద్ధతి, చేరిన తేదీ, పూర్తిచేసిన తేదీ, స్టడీ సెంటరు, పరీక్షా కేంద్రం వివరాలు ముద్రించాలని మీ నిబంధనలే చెబుతున్నాయి. వాటి పక్కనే, చేరిన విద్యా సంవత్సరానికి ఆ కోర్సుకు మీరిచ్చిన అనుమతి లేఖ నంబరు, తేదీ కూడా ముద్రించడం తప్పనిసరి చేయండి. ఆ నంబరు ఉంటే పరిశీలన బల్ల దగ్గర వాదనే ఉండదు. అది లేని పట్టాను ముద్రించే వీలు విశ్వవిద్యాలయానికి ఉండదు కాబట్టి అనుమతి లేని ప్రవేశాలు కూడా తగ్గుతాయి.

రెండోది కూడా యూజీసీకే. 2024 సెప్టెంబరు ప్రవేశాల నుంచి ప్రతి విద్యార్థీ deb.ugc.ac.in లో మీ దూరవిద్యా బ్యూరో ఇచ్చే గుర్తింపు సంఖ్య, అంటే డీఈబీ ఐడీ, తీసుకోవడం తప్పనిసరి చేశారు. మంచి పని. విద్యార్థి అనుమతి ఉన్న కోర్సుల్లోనే చేరేలా ఇది చూస్తుంది. అయితే చాలా చోట్ల ఏజెంట్లే విద్యార్థి ఫోనుకు వచ్చిన ఓటీపీ అడిగి తీసుకుని ఐడీ సృష్టిస్తున్నారు, విద్యార్థి ఆ పేజీ చూడటమే లేదు. ఐడీ జారీ అయ్యేముందు కోర్సు పేరు, పద్ధతి, గరిష్ఠ కాలం తెలుగులో సందేశంగా విద్యార్థి ఫోనుకు పంపండి. అంతకంటే ముఖ్యం, 2024కు ముందు చేరిన లక్షలాది మందికి ఈ ఐడీ లేదు. దూరవిద్యా మండలి కాలం నుంచి ఇప్పటివరకు సంవత్సరాల వారీ అనుమతులన్నీ విశ్వవిద్యాలయం పేరు, కోర్సు, చేరిన ఏడు కొడితే జవాబిచ్చే ఒకే పట్టికగా పెట్టండి. ఆ పట్టిక ముద్రణనే అధికారిక రుజువుగా అంగీకరించాలని రాష్ట్రాలకు రాయండి.

మూడోది రెండు పబ్లిక్ సర్వీస్ కమిషన్లకు, ఇతర నియామక బోర్డులకు. ప్రకటనల్లో, తనిఖీ పట్టికల్లో దూరవిద్యా మండలి ప్రస్తావనను చేరిన సంవత్సరాన్ని బట్టి సవరించండి. సందేహం వస్తే అభ్యర్థిని తిప్పకండి, మీ కార్యాలయమే యూజీసీకి, విశ్వవిద్యాలయానికి రాయాలి. జవాబు వచ్చేవరకు అభ్యర్థిని తాత్కాలికంగా ఎంపిక జాబితాలో ఉంచాలి. పట్టా సరైనదని తేలితే సీనియారిటీ పోకూడదు.

నాలుగోది ఉన్నత విద్యా మండళ్లకు. మన జిల్లాల్లో అనుమతి లేని సెంటర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో పట్టణాల వారీగా ప్రవేశాలకు ముందే తెలుగు పత్రికల్లో ప్రకటించండి. అనుమతి లేని సంవత్సరంలో చేర్చుకున్న విశ్వవిద్యాలయాల నుంచి ఫీజు తిరిగి ఇప్పించే బాధ్యత ఒక అధికారికి అప్పగించండి. పరీక్షలు ఆదివారాల్లో, సెలవు దినాల్లో పెట్టాలని, టైంటేబుల్ కనీసం 45 రోజుల ముందు ఇవ్వాలని మీ పరిధిలోని విశ్వవిద్యాలయాలను ఆదేశించండి.

అయిదోది కంపెనీల నియామక అధికారులకు. మీ మీద మాకు ఆజ్ఞ లేదు, అడుగుతున్నాం. ప్రకటనలో ‘రెగ్యులర్ మాత్రమే’ అని రాసేముందు ఆ ఉద్యోగానికి అది ఎందుకు అవసరమో మీ ఫైలులో ఒక వాక్యం రాసుకోండి. రాయలేకపోతే ఆ మాట తీసేయండి. మీ దగ్గర ఇప్పటికే పనిచేస్తూ చదివినవారి విషయంలోనైనా, అంతర్గత పదోన్నతుల్లో ఈ షరతు ఎత్తివేయండి.

తదుపరి జులై-ఆగస్టు ప్రవేశాలు మొదలయ్యేలోగా మొదటి మూడు అంశాల మీద మీ నిర్ణయం రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాం. జవాబు మా సెంటరు నోటీసు బోర్డు మీద అంటిస్తాం. ఈసారి ‘వెబ్‌సైటు చూడగలరు’ అని మాత్రం రాయవద్దని మనవి.

భవదీయుడు,
ఒక స్టడీ సెంటర్ కౌన్సెలర్,
విద్యార్థుల, తోటి కౌన్సెలర్ల తరఫున
గుంటూరు జిల్లా